మంగు మచ్చలకు రంగున్న సన్‌స్క్రీన్ ఎందుకు?

"ఎస్‌పీఎఫ్ 50 ఉన్నదే రాస్తున్నాను డాక్టరుగారూ, ఒక్కరోజు కూడా మానలేదు. అయినా ఎండాకాలం వచ్చేసరికి మంగు మళ్లీ కమ్ముకొస్తోంది." చర్మవైద్యుల దగ్గర ఈ మాట తరచూ వినిపిస్తుంది. చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, క్రీము కూడా నాసిరకం కాకపోవచ్చు. ఆ క్రీము అడ్డుకునేది అతినీలలోహిత కిరణాలను. ఆ మనిషి చర్మాన్ని నల్లబరుస్తున్న వాటిలో ఇంకొకటి కూడా ఉంది. మన కళ్లకు కనిపించే మామూలు వెలుగు.

మంగు అంటే ఏమిటో చాలా ఇళ్లలో తెలుసు. రెండు బుగ్గల మీద, నుదుటి మీద, పై పెదవి మీద, కొందరికి దవడ అంచున గోధుమరంగు మచ్చలు దాదాపు సమంగా వ్యాపిస్తాయి. దురద ఉండదు, నొప్పి ఉండదు. ఆడవాళ్లలోనే ఎక్కువ. గర్భం దాల్చినప్పుడో, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడో మొదలవడం మామూలే. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. హార్మోన్లు, వంశం కలిసి నేలను సిద్ధం చేస్తే వెలుగు మచ్చను పైకి తెస్తుంది. మందులతో పలచబడిన మచ్చ కొన్ని నెలల ఎండకే తిరిగి ముదురుతుంది కాబట్టి మంగు చికిత్సలో సగం పని వెలుగును ఆపడమే.

ఏ వెలుగును ఆపాలి? నేలకు చేరే సూర్యకాంతిలో అతినీలలోహితం కొద్ది శాతమే. దాదాపు సగం కంటికి కనిపించే కాంతి, మిగిలినది వేడిగా తెలిసే పరారుణం. శాస్త్రజ్ఞులు కాంతిని తరంగదైర్ఘ్యంతో, నానోమీటర్లలో కొలుస్తారు. 290 నుంచి 320 వరకు యూవీబీ. ఎండకు చర్మం కమిలేది ప్రధానంగా దీనివల్లే, ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ అంకె చెప్పేది ముఖ్యంగా దీని సంగతే. 320 నుంచి 400 వరకు యూవీఏ, దానికి పీఏ అనే గుర్తు పక్కన కూడికలు పెడతారు. 400 దగ్గర ఊదాతో మొదలై నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపుల మీదుగా 700 దాకా కనిపించే కాంతి. ఈ మూడో భాగం గురించి ఎస్‌పీఎఫ్ గానీ పీఏ గానీ ఒక్క ముక్క కూడా చెప్పవు.

కనిపించే కాంతి చర్మాన్ని నల్లబరుస్తుందని 1960లలోనే పరిశోధకులు గమనించారు. అయితే చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చర్మం కమలడం, చర్మ క్యాన్సర్ అనే రెండు భయాలు సన్‌స్క్రీన్ పరిశోధనను నడిపించాయి. రెండూ తెల్లని చర్మం ఉన్నవారినే ఎక్కువగా వేధించేవి. చామనఛాయ చర్మానికి ముఖ్య సమస్య మచ్చ. ఆ ప్రశ్నను గట్టిగా అడిగినది అమెరికాలోని డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి చర్మవైద్య బృందం. 2010లో వాళ్లు ప్రచురించిన ప్రయోగం చాలా సూటిగా ఉంటుంది. ముదురు రంగు చర్మం ఉన్నవారి వీపు మీద ఒకచోట యూవీఏలోని పొడవైన తరంగాలను, మరోచోట కనిపించే కాంతిని మాత్రమే ప్రసరింపజేశారు. తెల్లని చర్మం ఉన్న కొద్దిమందికీ అలాగే చేసి చూశారు.

ముదురు చర్మం మీద రెండు చోట్లా రంగు పుట్టింది. కానీ కనిపించే కాంతి పడిన చోట పుట్టిన రంగు మరింత ముదురుగా ఉంది, రెండు వారాలు గమనించినా నిలిచే ఉంది. తెల్లని చర్మం మీద అదే కాంతికి రంగు పుట్టనే లేదు. తెల్లని చర్మాన్ని కొలమానంగా పెట్టుకుని తయారైన సలహా మన చర్మానికి ఎందుకు చాలదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి వైద్యులు మనుషులను ఒకటి నుంచి ఆరు రకాలుగా విభజిస్తారు. తెలుగువాళ్లలో చాలామంది నాలుగు, అయిదు రకాల్లోకి వస్తారు. డెట్రాయిట్‌లో రంగు పుట్టింది నాలుగు నుంచి ఆరు రకాల చర్మంలోనే.

కనిపించే కాంతిలో అన్ని రంగులూ ఒకే దోషం చేయవు. 2014లో ఫ్రాన్స్‌లోని నీస్ నగర పరిశోధకులు 415 నానోమీటర్ల నీలి ఊదా కాంతిని, 630 నానోమీటర్ల ఎర్ర కాంతిని విడివిడిగా చర్మం మీద ప్రసరింపజేశారు. ఎరుపు ఏమీ చేయలేదు. నీలి ఊదా కాంతి వల్ల వచ్చిన మచ్చ కొందరిలో మూడు నెలల వరకు కనిపించింది. యూవీబీ వల్ల వచ్చిన రంగు కంటే ఇదే ఎక్కువ, ఇదే మొండి.

ఎందుకలా అన్న ప్రశ్నకు అక్కడి పరిశోధకులే 2018లో జవాబు కనుగొన్నారు. చర్మంలో రంగును తయారుచేసే కణాలను మెలనోసైట్లు అంటారు. కంటిలో వెలుగును గుర్తించే ప్రోటీన్ల కుటుంబానికి చెందిన ఒక ప్రోటీన్ ఈ కణాల్లోనూ ఉంది, దాని పేరు ఆప్సిన్-3. నీలి కాంతి పడగానే అది కణానికి సంకేతం పంపుతుంది. రంగును తయారుచేసే ఎంజైములు పని అందుకుంటాయి. ముదురు చర్మపు కణాల్లో ఈ ఎంజైములు ఒకదానితో ఒకటి జట్టుకట్టి పెద్ద ముద్దగా ఏర్పడతాయి. ఆ జట్టు త్వరగా విడిపోదు కాబట్టి వెలుగు ఆగిపోయాక కూడా రంగు తయారీ చాలాకాలం సాగుతూనే ఉంటుంది. లేత చర్మపు కణాల్లో ఈ జట్టు అంతగా ఏర్పడదు. మన మచ్చ మొండితనానికి మూలం ఇక్కడుంది.

ఇప్పుడు సన్‌స్క్రీన్ దగ్గరికి వద్దాం. రాస్తే తెల్లగా కనిపించకూడదు, జిడ్డు ఉండకూడదు, ముఖంలో కలిసిపోవాలి. కొనేవాళ్లు కోరేది ఇదే, కంపెనీలు ప్రకటించుకునేదీ ఇదే. ఈ కోరికలోనే చిక్కు ఉంది. క్రీము కంటికి కనిపించడం లేదంటే, కనిపించే కాంతి దానిలోంచి కిటికీ అద్దంలోంచి వచ్చినట్టు చర్మాన్ని చేరుతోందని అర్థం. కనిపించే వెలుగును ఆపే పొర ఏదైనా కంటికి కనిపించి తీరాలి. ఇది ఏ కంపెనీ తప్పూ కాదు, కాంతి స్వభావమే అంత.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అనే ఖనిజాలు ఉన్న సన్‌స్క్రీన్ల సంగతేమిటి? వాటి రేణువులు పెద్దవిగా ఉన్నప్పుడు కనిపించే కాంతిని వెదజల్లుతాయి, కొంతవరకు ఆపుతాయి, అందుకే ముఖం సున్నం రాసినట్టు తెల్లబడుతుంది. ఆ తెలుపు పోవడానికి రేణువులను నానో పరిమాణానికి తగ్గించారు. తెలుపు పోయింది, దాంతోపాటు కనిపించే కాంతిని ఆపే గుణమూ చాలావరకు పోయింది. ఖనిజ సన్‌స్క్రీన్ అని రాసి ఉన్నంత మాత్రాన మంగుకు సరిపోతుందని అనుకోకూడదు.

ఇక్కడ అవసరమయ్యేవి ఐరన్ ఆక్సైడ్లు, అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసిన రంగు పొడులు. ఎర్రమన్నుకు, జేగురుకు ఆ రంగునిచ్చేవి ఇవే. సౌందర్య సాధనాల్లో ఎరుపు, పసుపు, నలుపు అనే మూడు రకాలు వాడతారు. ఒక వస్తువు పసుపుగా కనిపిస్తోందంటే అది తెల్లని వెలుగులోంచి నీలాన్ని, ఊదాను మింగేసి మిగిలినది మన కంటికి పంపుతోందన్నమాట. పసుపు ఐరన్ ఆక్సైడ్ చేసేది అదే. ఎరుపు రకం నీలంతో పాటు ఆకుపచ్చనూ మింగుతుంది. నలుపు దాదాపు అన్నింటినీ మింగుతుంది. మెలనోసైట్లను రెచ్చగొట్టేది నీలి ఊదా కాంతే కాబట్టి ఈ పొడులు సరిగ్గా కావలసిన చోటే పనిచేస్తున్నాయి. ఈ మూడింటినీ వేర్వేరు పాళ్లలో కలిపితే మనిషి చర్మపు ఛాయలన్నీ వస్తాయి. రంగున్న సన్‌స్క్రీన్‌లో ఆ రంగు సోకు కోసం వేసింది కాదు, పని చేస్తున్నది ఆ రంగే. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. క్రీముల్లో వాడేవి శుద్ధిచేసి తయారుచేసిన ఐరన్ ఆక్సైడ్లు. నేలలో దొరికే జేగురులో సీసం, ఆర్సెనిక్ వంటి మలినాలు ఉండవచ్చు, దాన్ని ముఖానికి రాయకూడదు.

ప్రయోగశాలలో బాగున్నది ముఖం మీద కూడా బాగుంటుందా? దీన్ని చక్కగా పరీక్షించింది మెక్సికోలోని శాన్ లూయీస్ పొటోసీ నగర వైద్యులు. అక్కడా చామనఛాయ చర్మం, మండే ఎండ. మంగు ఉన్న 68 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఇద్దరికీ రాత్రిపూట మచ్చను పలచబరిచే 4 శాతం హైడ్రోక్వినోన్ క్రీము ఇచ్చారు. ఇద్దరికీ పగటిపూట సన్‌స్క్రీన్ ఇచ్చారు. ఒక జట్టుకు ఇచ్చినది అతినీలలోహితాన్ని మాత్రమే ఆపుతుంది, రెండో జట్టుకు ఇచ్చినదానిలో ఐరన్ ఆక్సైడ్ కలిపారు కాబట్టి కనిపించే కాంతినీ ఆపుతుంది. ఎనిమిది వారాల తర్వాత 61 మంది మిగిలారు. రెండు జట్లలోనూ మచ్చలు తగ్గాయి, హైడ్రోక్వినోన్ ఇద్దరికీ ఇచ్చారు కాబట్టి తగ్గాలి కూడా. అయితే వైద్యులు మంగు తీవ్రతకు వేసే మార్కుల్లో ఐరన్ ఆక్సైడ్ జట్టు 15 శాతం ఎక్కువ మెరుగుపడింది. పరికరంతో రంగును కొలిచినప్పుడు తేడా 28 శాతం. 2014లో ఈ ఫలితం అచ్చయింది. మందు ఒకటే, రోజులు ఒకటే, తేడా సన్‌స్క్రీన్‌లోని రంగు మాత్రమే.

ఆ మరుసటి ఏడాది ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఇంకో పరీక్ష మంగు తిరగబెట్టడాన్ని చూసింది. 40 మందిని ఆరు నెలలు, వేసవి మీదుగా గమనించారు. కనిపించే కాంతినీ ఆపే సన్‌స్క్రీన్ వాడినవారిలో మచ్చలు ముదరడం తక్కువ. ఇవి చిన్న పరీక్షలే. కానీ ప్రయోగశాలలో తేలినదీ, మెక్సికోలో కనిపించినదీ, ఫ్రాన్స్‌లో కనిపించినదీ ఒకే వైపు చూపిస్తున్నాయి. మంగు ఉన్న చామనఛాయ చర్మానికి రంగులేని సన్‌స్క్రీన్ ఒక్కటే రాసి ఊరుకోవడం సగం చికిత్సేనని నా నిశ్చితాభిప్రాయం.

మందుల షాపులో నిలబడి ఎలా గుర్తుపట్టాలి? ట్యూబు ముందువైపు రాసింది వదిలేసి వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్స్ అని ఉండాలి, లేదా వాటి అంతర్జాతీయ రంగు నంబర్లు ఉండాలి. ఎరుపుకు CI 77491, పసుపుకు CI 77492, నలుపుకు CI 77499. టైటానియం డయాక్సైడ్‌కు CI 77891 అని ఉంటుంది, దాన్ని చూసి పొరబడవద్దు, అది తెల్లరంగు. ముందువైపు నీలి కాంతి నుంచి రక్షణ అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా ఈ నంబర్లు లేకపోతే మంగు కోసం దాన్ని నమ్ముకోవద్దు. కనిపించే కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఎస్‌పీఎఫ్ లాగా ట్యూబుల మీద ఇంకా రాలేదు.

నంబర్లు ఉన్నాయి సరే, సరిపడా ఉందా? జాబితాలో ఎంత పైన ఉంటే అంత ఎక్కువ ఉన్నట్టని చాలామంది అనుకుంటారు. మిగతా పదార్థాలకు అది చాలావరకు నిజమే. రంగులను మాత్రం ఎంత పాళ్లలో ఉన్నా చివర్లో రాసే ఆనవాయితీ చాలా దేశాల్లో ఉంది. అందువల్ల జాబితాలో చోటును బట్టి చెప్పలేం, చేతి మీద చూసి చెప్పాలి. మిరియపు గింజంత క్రీమును ముంజేతి మీద రాయండి. కింద ఉన్న పుట్టుమచ్చో, నరం గీతో కాస్తయినా మసకబారాలి. తెల్లని టిష్యూ కాగితంతో తుడిస్తే గోధుమరంగు స్పష్టంగా అంటాలి. పేరుకు మాత్రం రంగు ఉండి, రాయగానే పూర్తిగా మాయమైపోయే క్రీము కనిపించే కాంతికి పెద్దగా అడ్డుపడదు.

అసలు ఓటమి జరిగేది మోతాదులో. ఎస్‌పీఎఫ్‌ను ప్రయోగశాలలో కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. ముఖం వరకే అయితే అది సుమారు ఒక గ్రాము. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలుగా పిండుకుంటే ముఖానికీ మెడకూ దాదాపు సరిపోతుంది. రంగున్న క్రీమును ఇంత రాయడానికి చాలామంది వెనుకాడతారు, వేషం వేసుకున్నట్టుంటుందని పలచగా లాగేస్తారు. లాగినకొద్దీ రక్షణ పడిపోతుంది. మీరు సరిగ్గా రాస్తున్నారో లేదో ట్యూబే చెబుతుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, గ్రాము చొప్పున రాస్తే 50 గ్రాముల ట్యూబు 25 రోజుల్లో అయిపోవాలి. అది మూడు నెలలు వస్తోందంటే చర్మానికి చేరుతున్నది చెప్పిన దానిలో మూడో వంతు కూడా కాదు.

ఒకేసారి మందంగా పులుమక్కర్లేదు. సగం రాసి, రెండు మూడు నిమిషాలు ఆగి, మిగతా సగం వేలికొసలతో అద్దండి. రుద్దితే మొదటి పొర కూడా లేచిపోతుంది. మచ్చ ఉన్నచోట మాత్రమే రాసి ఊరుకోవడం కూడా పొరపాటే, మంగు అంచులు పాకేది రాయని చోటికే. చెమటకు, చున్నీ రాపిడికి, రుమాలుతో తుడుచుకోవడానికి పొర పోతుంది. మధ్యాహ్నం బుగ్గ మీద తెల్లని టిష్యూ అద్ది చూడండి. రంగు అంటకపోతే పొర లేనట్టే. రంగులేని క్రీము ఎప్పుడు పోయిందో తెలియదు. ఈ విషయంలో రంగున్నది నయం.

ఛాయ విషయంలో మన మార్కెట్ మనకు న్యాయం చేయడం లేదని చెప్పక తప్పదు. చాలా రంగు సన్‌స్క్రీన్లు అందరికీ ఒకే ఛాయ అంటూ లేత రంగులో వస్తున్నాయి. వాటిలో టైటానియం తెలుపు ఎక్కువైనప్పుడు నల్లని చర్మం మీద బూడిద పూసినట్టవుతుంది. అప్పుడు మనిషి తక్కువ రాస్తుంది, లేదా మానేస్తుంది. దీనికి ఒక మంచి దారి ఉంది. మామూలు ఫౌండేషన్‌కు రంగునిచ్చేవి చాలావరకు ఈ ఐరన్ ఆక్సైడ్లే. అందువల్ల రంగులేని మంచి సన్‌స్క్రీన్‌ను, ఎస్‌పీఎఫ్ కనీసం 30, యూవీఏకూ రక్షణ ఉన్నదాన్ని, పూర్తి మోతాదులో రాసి, అది ఆరాక మీ ఛాయకు సరిపోయే ఫౌండేషన్‌ను మీద అద్దుకోవచ్చు. అతినీలలోహితం పని కిందిపొర చూసుకుంటుంది, కనిపించే కాంతి పని పైపొర చూసుకుంటుంది. ఫౌండేషన్ మీద రాసిన ఎస్‌పీఎఫ్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, అంత మోతాదులో దాన్ని ఎవరూ రాసుకోరు. పౌడరు పలచని పొర కాబట్టి మధ్యాహ్నం మళ్లీ అద్దుకోవడానికి పనికొస్తుంది, పొద్దుటి పొరకు బదులు కాదు.

ఇంట్లో ఉన్నప్పుడు కూడా రాయాలా? మీరు కిటికీ పక్కన కూర్చునేవారైతే రాయాలి. మామూలు అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏను చాలావరకు లోపలికి వదులుతుంది, కనిపించే కాంతిని దాదాపు మొత్తం వదులుతుంది. హెల్మెట్‌కు ఉండే తెల్లటి గాజుముఖం, కారు అద్దం కూడా ఈ కాంతిని ఆపలేవు. దట్టంగా నేసిన ముదురురంగు చున్నీ, వెడల్పు అంచున్న టోపీ నిజమైన అడ్డు, వాటిని క్రీముతో పాటు వాడుకోవాలి. ఫోను, కంప్యూటరు తెరల వల్ల మంగు పెరుగుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. తెర ఎదుట మంగు ఉన్నవారిని రోజుకు ఎనిమిది గంటల చొప్పున అయిదు రోజులు కూర్చోబెట్టి చూసిన ఫ్రెంచి పరీక్షలో మచ్చలు ముదరలేదు. ఎండలోని నీలి కాంతి ముందు తెర వెలుగు చాలా తక్కువ. ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని అమ్మే క్రీములకు డబ్బు పోయనక్కర్లేదు.

రంగున్న సన్‌స్క్రీన్ ఒక్కటే మంగును మాయం చేయదు. మచ్చ లోతుగా, చర్మం అడుగుపొరలో ఉంటే మందులకు కూడా నెమ్మదిగానే స్పందిస్తుంది. హార్మోన్ల ప్రభావాన్ని ఏ క్రీమూ ఆపలేదు. వంటగదిలో పొయ్యి వేడి కూడా కొందరిలో మంగును రేపుతుంది, దానికి ఐరన్ ఆక్సైడ్ జవాబు కాదు. గర్భిణులకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ వంటి మందులు ఇవ్వరు కాబట్టి వాళ్లకు మాత్రం ఖనిజ ఫిల్టర్లతో చేసిన రంగు సన్‌స్క్రీనే ముఖ్యమైన ఆసరా.

మార్పు కనిపించడానికి కనీసం రెండు మూడు నెలలు పడుతుంది. మొదటి రోజున కిటికీ దగ్గర, ఒకే సమయంలో, ఒకే దూరం నుంచి ఫొటో తీసి పెట్టుకోండి, రోజూ అద్దంలో చూస్తే తేడా తెలియదు. మూడు నెలలు సరిగ్గా రాసినా మచ్చ ముదురుతుంటే, లేదా మచ్చ బూడిద నీలం రంగులో ఉంటే, మెడకూ చెవుల వెనక్కీ పాకుతుంటే అది మంగు కాక వేరే జబ్బు కావచ్చు. అప్పుడు చర్మవైద్యుల దగ్గరికే వెళ్లండి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట మచ్చ పలచబడినట్టనిపించినా, వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్రటి నరాలు తేలతాయి, మానగానే ముఖం మండుతుంది. స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. చీటీ లేకుండా ఇచ్చినా తీసుకోవద్దు.